పేరు లేని పని ఎవరూ చేయరు

2017 జనవరి 31 రాత్రి. గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజినీరు పొద్దుపోయేదాకా డేటాబేస్‌తో కుస్తీ పడుతున్నారు. ప్రపంచమంతటా ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సైట్ అది. అక్కడ అసలు డేటాబేస్‌కు తోడుగా దాని నకలు ఇంకో సర్వర్‌లో నడుస్తూ ఉంటుంది. ఆ రాత్రి నకలు వెనకబడిపోయింది. దాన్ని ఖాళీ చేసి మళ్లీ మొదటినుంచి నింపుదామని ఇంజినీరు డేటా తుడిచే కమాండ్ కొట్టారు. ఒకటి రెండు సెకన్లలోనే గుండె ఝల్లుమంది. కమాండ్ వెళ్లింది నకలున్న సర్వర్‌కు కాదు, అసలు సర్వర్‌కు. ఆపేసరికి సుమారు 300 జీబీ ఉండాల్సిన చోట నాలుగున్నర జీబీ మిగిలింది.

బ్యాకప్ ఉంటుంది కదా అని వెతికారు. రోజూ తీయాల్సిన బ్యాకప్ ఫైళ్లు లేవు. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ ఒకటి, డేటాబేస్ వెర్షన్ ఇంకొకటి కావడంతో అది ఎప్పటినుంచో ఫెయిలవుతోంది. ఫెయిలైనప్పుడల్లా ఈమెయిల్ పంపుతూనే ఉంది గానీ, ఆ మెయిళ్లను అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది. క్లౌడ్‌లో డిస్క్ నకళ్లు తీసే సౌకర్యం ఉన్నా ఈ సర్వర్లకు దాన్ని ఆన్ చేయలేదు. చివరికి గట్టెక్కించింది ఒక యాదృచ్ఛికం. అదే ఇంజినీరు ఆ సాయంత్రం వేరే ప్రయోగం కోసం చేత్తో తీసిపెట్టిన ఒక నకలు దొరికింది. అది ఆరు గంటల పాతది. దాన్ని తెచ్చి నింపేసరికి మర్నాడు సాయంత్రమైంది. ఆ మధ్య ఆరు గంటల్లో జనం రాసిన వ్యాఖ్యలు, తెరిచిన ప్రాజెక్టులు, కొత్త ఖాతాలు పోయాయి.

పది రోజుల తర్వాత కంపెనీ జరిగిందంతా దాచకుండా ప్రచురించింది. ఆ నివేదికలో 'ఎందుకు' అనే ప్రశ్నను ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయారు. బ్యాకప్ ఎందుకు పనికిరాలేదు? ఫెయిలవుతోందని ఎవరికీ ఎందుకు తెలియలేదు? బ్యాకప్ నుంచి డేటా తిరిగి వస్తుందో లేదో అప్పుడప్పుడూ ఎందుకు పరీక్షించి చూడలేదు? ఈ చివరి ప్రశ్నకు వాళ్లు రాసుకున్న జవాబు సారాంశం ఇది: ఆ పని ఫలానావారిది అని ఎక్కడా లేదు, అందుకే దాని బాధ్యత ఎవరూ తీసుకోలేదు. వెర్షన్ల తేడా, తిప్పికొట్టిన మెయిళ్లు, తప్పు సర్వర్‌కు వెళ్లిన కమాండ్ అన్నీ సాంకేతిక కారణాలే. అన్నిటికీ అడుగున ఉన్నది మాత్రం పేరు లేని పని.

ఇక్కడ మనకు కావలసింది ఆ తర్వాత వాళ్లు చేసింది. 'బ్యాకప్‌ల విషయంలో ఇకపై జాగ్రత్తగా ఉంటాం' అని రాసి ముగించలేదు. ఏ సర్వర్‌లో ఉన్నామో స్క్రీన్ మీద కొట్టొచ్చినట్టు కనపడేలా చేయడం, బ్యాకప్ తీయడం ఆగితే గంట మోగించే ఏర్పాటు, డేటాబేస్‌కు గంటకోసారి నకలు, బ్యాకప్ నుంచి డేటా తిరిగి వస్తోందో లేదో యంత్రమే పరీక్షించడం. ఇలా ఒక్కో పనిని తమ రోజువారీ పనుల పట్టికలో ఒక్కో నంబరుతో, ఎవరైనా తెరిచి చూసేలా పెట్టారు. ఆ జాబితాలో ఒక పని మరీ విశేషం. డేటా భద్రతకు ఒక బాధ్యుడిని నియమించడాన్ని కూడా ఒక పనిగా నంబరు వేసి చేర్చారు.

ఇంత పెద్ద ప్రమాదం జరిగితే ఎవరైనా అంత శ్రద్ధ పెడతారు. మామూలు రోజుల్లో జరిగేది వేరు.

రెట్రో అంటే

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లు ఎవరింట్లో ఉన్నా 'రెట్రో ఉంది, తర్వాత మాట్లాడతా' అనే మాట చెవిన పడే ఉంటుంది. పూర్తి పేరు రెట్రోస్పెక్టివ్. ఈ టీమ్‌లు పనిని రెండేసి వారాల ముక్కలుగా చేసుకుంటాయి. ఆ ముక్కను స్ప్రింట్ అంటారు. స్ప్రింట్ చివర అందరూ ఒక గంటో గంటన్నరో కూర్చుని ఏది బాగా జరిగింది, ఏది బెడిసికొట్టింది, వచ్చేసారి ఏం మార్చుకోవాలి అని మాట్లాడుకుంటారు. మాట్లాడేది కస్టమర్‌కు ఇచ్చే సరుకు గురించి కాదు, తాము పనిచేసే పద్ధతి గురించి.

ఈ అలవాటుకు వయసు తక్కువేమీ కాదు. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలిసి రాసుకున్న అజైల్ మ్యానిఫెస్టో వెనక 12 సూత్రాలున్నాయి. టీమ్ తరచూ తన పనితీరును వెనుదిరిగి చూసుకుని సరిదిద్దుకోవాలన్నది అందులో చివరిది. అదే ఏడాది నార్మన్ కెర్త్ ఈ సమావేశాల మీదే ఒక పుస్తకం రాశారు. 2006లో ఎస్తర్ డెర్బీ, డయానా లార్సెన్ రాసిన పుస్తకం సమావేశాన్ని ఐదు అంచెలుగా విడగొట్టింది. నాలుగో అంచె 'ఏం చేద్దాం' అని తేల్చుకోవడం. అక్కడ పుట్టేవే యాక్షన్ ఐటమ్స్, అంటే తేల్చుకున్న పనులు.

ఈ నాలుగో అంచె దగ్గరే పని అటకెక్కుతుంది. సమావేశం బాగానే సాగుతుంది. తెరమీద రంగురంగుల చీటీలు అతుకుతాయి. జనం మనసు విప్పి మాట్లాడతారు. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరో 'అయితే యాక్షన్ ఐటమ్స్ ఏంటి?' అంటారు. 'టెస్టింగ్ మెరుగుపరచాలి', 'రివ్యూలు త్వరగా చేయాలి', 'డాక్యుమెంటేషన్ మీద దృష్టి పెట్టాలి' అని మూడు నాలుగు వాక్యాలు టైపవుతాయి. అందరూ తలలూపుతారు, కాల్ ముగుస్తుంది. ఆ వాక్యాలు రాసిన పేజీని మళ్లీ తెరిచేది రెండు వారాల తర్వాత, కొత్త పేజీ తయారు చేయడానికి పాతదాన్ని కాపీ కొట్టేటప్పుడే.

దీన్ని బద్ధకమని కొట్టిపారేయలేం. అదే మనుషులు అదే రెండు వారాల్లో కస్టమర్ అడిగిన పనులు తొమ్మిదో పదో పూర్తి చేసి చూపిస్తారు. వాళ్లు చేసే ప్రతి పనికీ జిరా లాంటి ట్రాకర్‌లో ఒక టికెట్ ఉంటుంది. దానికి ఒక నంబరు, ఒక పేరు, ఒక గడువు. రోజూ పొద్దున నిలబడి మాట్లాడుకునే పదిహేను నిమిషాల్లో ఆ టికెట్ల గురించే ప్రశ్నలు. రెట్రోలో పుట్టిన పని మాత్రం ఆ ట్రాకర్‌లోకి రాదు, వేరే పేజీలో ఉండిపోతుంది. దాని గురించి పొద్దున ఎవరూ అడగరు. రెండు వారాల టైమ్ మొత్తం ట్రాకర్‌లో ఉన్న పనులకే పంచేస్తారు, దీని వాటాకు ఒక గంట కూడా మిగలదు. టైమ్ కేటాయించకుండా ఒప్పుకున్న పని మంచి కోరికే గాని నిర్ణయం కాదు.

ఈ సంగతి స్క్రమ్ పద్ధతిని రూపొందించినవాళ్లకూ తెలుసు. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ రాసే స్క్రమ్ గైడ్‌ను 2017లో సవరించినప్పుడు, రెట్రోలో తేలిన ముఖ్యమైన మార్పుల్లో కనీసం ఒకదాన్ని వచ్చే స్ప్రింట్ పనుల జాబితాలో చేర్చాలని నియమం పెట్టారు. 2020 సవరణలో ఆ పట్టు కొంత సడలించారు. ఎక్కువ ఫలితమిచ్చే మార్పులను వీలైనంత త్వరగా చేపట్టాలి, కావాలంటే జాబితాలో చేర్చుకోవచ్చు అన్నారు. నియమం సడలింది గానీ, దాన్ని పెట్టాల్సివచ్చిన కారణం అలాగే ఉంది.

ఒక వాక్యం టికెట్‌గా మారిన తీరు

ఊహించిన ఉదాహరణే అయినా, ఇలాంటి టీమ్‌లు మాదాపూర్‌లో అడుగడుగునా కనిపిస్తాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఏడుగురు. అందులో డెవలపర్లు నలుగురు, టెస్టర్లు ఇద్దరు. ఏం చేయాలో నిర్ణయించే ప్రోడక్ట్ ఓనర్ రమేష్. రెండు వారాల స్ప్రింట్, రెండో శుక్రవారం రెట్రో. మూడు రెట్రోల నుంచి ఒకే చీటీ పడుతోంది: టెస్టింగ్‌కు టైమ్ చాలడం లేదు. మూడుసార్లూ ఒకే తీర్మానం: కోడ్ త్వరగా ఇవ్వాలి.

నాలుగోసారి ఆ తీర్మానం రాయబోతుంటే టెస్టర్ లావణ్య అడ్డుపడింది. 'అసలు ఆలస్యం ఎక్కడవుతోందో చూద్దాం' అని ట్రాకర్ తెరిపించింది. గత స్ప్రింట్‌లో తొమ్మిది పనులుంటే ఆరు ఆఖరి రెండు రోజుల్లోనే టెస్టింగ్‌కు వచ్చాయి. కోడ్ రాయడం మాత్రం ఆలస్యం కాలేదు. రాసిన కోడ్‌ను ఇంకో డెవలపర్ చూసి సరేనన్నాకే టెస్టింగ్‌కు పంపాలి. ఒక్కో పనీ ఆ రివ్యూ కోసమే రెండేసి రోజులు కాచుకుని కూర్చుంది. ఎందుకంటే నలుగురిలో ఇద్దరు సీనియర్లకే అందరూ రివ్యూ పంపుతున్నారు.

ఇక్కడ సహజంగా వచ్చే మాట 'రివ్యూలు త్వరగా చేద్దాం'. ఆ వాక్యానికి టికెట్ వేసినా లాభం లేదు. ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు పూర్తయిందో చెప్పలేని పని అది. గూగుల్‌లో పనిచేసే జాన్ లన్నీ, స్యూ లూడర్, బెట్సీ బేయర్ 2017లో ఇలాంటి పనుల గురించి ఒక వ్యాసం రాశారు. వాళ్లు చెప్పిన కొలమానం మూడు ముక్కలు. వాక్యం చేయదగ్గ క్రియతో ఉండాలి, దేని గురించో స్పష్టంగా ఉండాలి, ఎక్కడ పూర్తవుతుందో తెలియాలి. 'ఈ పరిస్థితిపై నిఘా గురించి పరిశీలించాలి' అని రాస్తే పరిశీలన ఎప్పటికీ నడుస్తూనే ఉంటుంది. 'ఈ సర్వీసులో నూటికి ఒకటికి మించి తప్పులొస్తే అలర్ట్ రావాలి' అని రాస్తే పూర్తయిందో లేదో ఎవరైనా చూసి చెప్పగలరు. ఇంజినీరు జాగ్రత్తగా చెక్ చేసుకోవాలి అనడం కంటే, తప్పు ఉంటే ముందుకు పోనివ్వని ఆటోమేటిక్ తనిఖీ పెట్టాలి అనడం మేలన్నది వాళ్ల ఇంకో ఉదాహరణ. మనిషి జ్ఞాపకం మీద ఆధారపడే పని ఒత్తిడి పెరిగిన రోజున జారిపోతుంది.

ఈ కొలమానంతో మన టీమ్ వాక్యం ఇలా మారింది: రివ్యూలు నలుగురు డెవలపర్లకూ వంతులవారీగా వాటంతటవే వెళ్లేలా సెట్టింగ్ మార్చాలి, 24 గంటలు దాటిన రివ్యూ ఉంటే టీమ్ గ్రూపులో మెసేజ్ రావాలి. త్వరగా చేయాలన్న కోరిక పోయి, చేత్తో చేయగల రెండు మార్పులు మిగిలాయి.

పేరు: ఒక్కటే

ఎవరు చేస్తారు అంటే 'టీమ్ చేస్తుంది' అన్నారెవరో. పదిమందిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. ట్రాకర్‌లో బాధ్యుడి గడి ఒక్క పేరే పట్టేలా ఉంటుంది, ఆ ఒక్క పేరు రాసేదాకా ఆ పని ఎవరిదీ కాదు. అయితే బాధ్యత తీసుకున్నవాళ్లే పనంతా చేయాలని లేదు. వాళ్ల పని అది పూర్తయ్యేలా చూడటం, అడ్డంకి వస్తే నోరు విప్పి చెప్పడం.

పేరు రాసేటప్పుడు టీమ్‌లు చేసే తప్పులు కొన్ని ఉన్నాయి. అన్నీ స్క్రమ్ మాస్టర్ ఖాతాలో వేయడం ఒకటి. సమావేశం నడిపేది ఆయనే కాబట్టి పనులూ ఆయనవే అనుకుంటారు, కొన్నాళ్లకు ఆయన టీమ్‌కు గుమాస్తా అయిపోతాడు. సమావేశానికి రానివాళ్ల పేరు రాయడం ఇంకొకటి. తెలియకుండా అంటగట్టిన పనిని ఎవరూ తమదనుకోరు. అన్నిటికంటే ప్రమాదకరమైనది, సమస్య ఎత్తినవాళ్లకే దాన్ని తగిలించడం. లావణ్య చెప్పింది కదా అని లావణ్యకే అప్పగిస్తే, వచ్చే రెట్రోలో లావణ్యే కాదు, ఎవరూ నోరు మెదపరు. మాట్లాడితే పని పెరుగుతుందని అందరికీ అర్థమైపోతుంది. రెట్రో క్రమంగా మొక్కుబడి తంతుగా మారడానికి చాలాచోట్ల ఇదే మొదటి మెట్టు.

ఇక్కడ సెట్టింగ్ మార్చే అనుమతి ఉన్నది డెవలపర్ స్వాతికి. తనే ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది.

'చేస్తాను. కానీ ఇది ఒక రోజు పని రమేష్ గారూ. మామూలు పనుల మధ్యలో ఇరికించమంటే కుదరదు.'

'మొన్ననే కస్టమర్‌కు తొమ్మిది పనులు చెప్పాం కదమ్మా.'

'తొమ్మిదిలో ఆరు ఆఖరి రెండు రోజుల్లో టెస్టింగ్‌కు వెళ్తే, అందులో ఎన్ని నిజంగా బయటికెళ్లాయి సార్?'

రమేష్ లెక్క చూసుకున్నాడు. రెండు వచ్చే స్ప్రింట్‌కు జారాయి. 'సరే, ఎనిమిదే తీసుకుందాం' అన్నాడు.

ఈ సంభాషణ లేకుండా టికెట్ వేస్తే, స్ప్రింట్ మధ్యలో ఒత్తిడి రాగానే మొదట పక్కకు పోయేది అదే. ట్రాకర్‌లో పెట్టడం అంటే ఒక గడి నింపడం కాదు, ఇంకేదో పని తగ్గించి దీనికి చోటిచ్చామని అందరి ముందూ ఒప్పుకోవడం. ఏమీ తగ్గించకుండా చేర్చిన టికెట్, నోట్స్ పేజీలో వాక్యం కంటే పెద్దగా మెరుగేమీ కాదు.

తేదీ ఎక్కడ వేయాలి

గడువు అనగానే చాలామంది స్ప్రింట్ ఆఖరి రోజు వేస్తారు. అది అందరి గడువూ కాబట్టి పద్ధతిగానే కనిపిస్తుంది. కానీ సెట్టింగ్ రెండో శుక్రవారం ఉదయం మారితే, మధ్యాహ్నం రెట్రోలో 'ఏమైనా తేడా వచ్చిందా?' అని అడిగితే ఎవరికి తెలుస్తుంది? మార్పు జరిగాక అది పనిచేయడానికి కొన్ని రోజులు కావాలి. అందుకే స్వాతి టికెట్‌కు మొదటి వారం బుధవారం గడువు పెట్టారు. అప్పుడు తేడా కనపడటానికి ఇంకా వారం మిగులుతుంది.

గడువుతో పాటు టికెట్‌లో ఇంకో వాక్యం రాశారు. ఏం చూస్తే ఫలితం వచ్చిందని నమ్ముతాం? గత స్ప్రింట్‌లో ఆఖరి రెండు రోజుల్లో టెస్టింగ్‌కు వచ్చినవి ఆరు, ఈసారి మూడు లేదా అంతకంటే తక్కువ రావాలి. ముందే రాసుకోకపోతే తర్వాత జ్ఞాపకాలతో వాదించుకోవాలి. 'ఈసారి కొంచెం బాగుంది కదా' అని ఒకరు, 'ఏం బాగుంది, అంతే ఉంది' అని ఇంకొకరు.

మొత్తం టికెట్ ఇంత చిన్నది:

పని: రివ్యూలు నలుగురికీ వంతులవారీగా, 24 గంటలు దాటితే గ్రూపులో మెసేజ్
బాధ్యత: స్వాతి
గడువు: మొదటి వారం బుధవారం
కేటాయించిన టైమ్: ఒక రోజు
ఫలితం: ఆఖరి రెండు రోజుల్లో టెస్టింగ్‌కు వచ్చేవి ఆరు నుంచి మూడుకు

దీనికి `retro` అని ఒక లేబుల్ తగిలించారు. మిగతా పనులతో పాటే అదే బోర్డు మీద ఉంటుంది, పొద్దున మీటింగ్‌లో దాని వంతు వస్తుంది. లేబుల్ ఉండటం వల్ల ఎప్పుడు కావాలంటే అప్పుడు వేరుగా ఏరి చూడొచ్చు. జిరా వాడేవాళ్లు ఈ రెండు వెతుకులాటలు దాచుకుంటే చాలు. మొదటిది పేరో తేదీయో లేనివాటిని, రెండోది గడువు దాటినవాటిని చూపిస్తుంది.

```
labels = retro AND statusCategory != Done AND (assignee is EMPTY OR duedate is EMPTY)
labels = retro AND statusCategory != Done AND duedate < startOfDay()
```

మొదటి వెతుకులాటలో ఏదైనా తేలితే తప్పు ఆ టికెట్‌ది కాదు, దాన్ని పుట్టించిన రెట్రోది.

రెండు వారాల తర్వాత

తర్వాతి రెట్రో కొత్త చీటీలతో కాకుండా ఈ టికెట్‌తో మొదలైంది. సెట్టింగ్ బుధవారం కాదు, గురువారం మారింది. ఆఖరి రెండు రోజుల్లో టెస్టింగ్‌కు వచ్చినవి నాలుగు. అనుకున్నది మూడు.

ఇలాంటి చోట రెండు విషయాలు కలగాపులగం అవుతుంటాయి. చేస్తానన్న పని పూర్తయింది. కోరిన ఫలితం మాత్రం పూర్తిగా రాలేదు. పని పూర్తయింది కాబట్టి టికెట్ మూసేయాలి. స్వాతి మాట నిలబెట్టుకుంది. ఫలితం ఎందుకు తగ్గిందన్నది కొత్త ప్రశ్న. ఆ నాలుగింటిని విడివిడిగా చూస్తే రెండు రివ్యూలో ఆగలేదు. కస్టమర్ ఏమడిగారో స్పష్టంగా లేక డెవలపర్ల దగ్గరే నాలుగు రోజులు నానాయి. అంటే తర్వాత పట్టుకోవాల్సింది రివ్యూని కాదు, పని మొదలుకాకముందు వివరాలు తేల్చుకునే పద్ధతిని. మూడు రెట్రోలు ఒకే వాక్యం రాసి తెలుసుకోలేనిది, ఒక్క మార్పు చేసి లెక్క చూసుకుంటే తెలిసింది.

పాత పద్ధతిలో ఈ లెక్క ఎప్పటికీ బయటపడదు. ఏమీ మారలేదు కాబట్టి ఏది పనిచేస్తుందో, ఏది చేయదో తెలిసే దారే లేదు. యాక్షన్ ఐటమ్ మాయమైతే పోయేది ఒక పని మాత్రమే కాదు, టీమ్ తన గురించి తాను తెలుసుకునే అవకాశం కూడా.

టికెట్ పనికిరాని చోట్లు

అన్నీ టికెట్లుగా మారవు. 'మీటింగుల్లో ఒకరి మాటకు ఒకరం అడ్డు రావొద్దు' అనుకున్నారనుకోండి. దానికి గడువేమిటి? ఏ రోజున పూర్తయినట్టు? అది అలవాటు, పని కాదు. అలాంటివాటిని టీమ్ కట్టుబాట్ల జాబితాలో రాసుకుని, ఒకటి రెండు రెట్రోల్లో 'పాటిస్తున్నామా?' అని అడిగితే సరిపోతుంది. కొన్ని అలవాట్లను తనిఖీగా మార్చవచ్చు. డాక్యుమెంటేషన్ రాయాలన్నదాన్ని, ప్రతి పనినీ 'పూర్తి' అనడానికి ముందు చూసే జాబితాలో ఒక గీతగా చేరిస్తే, దాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోనక్కర్లేదు.

టీమ్ చేతిలో లేని సమస్యలు ఇంకో రకం. టెస్టింగ్ సర్వర్ వారానికి రెండుసార్లు పడిపోతోంది, దాన్ని చూసేది వేరే విభాగం. 'సర్వర్ బాగుచేయాలి' అని స్వాతి పేరు మీద రాస్తే, అది ఆమె చేయలేని పని. ఆరు స్ప్రింట్లు అలాగే వేలాడుతుంది. ఆమె చేయగలిగింది వేరు. పడిపోయిన తేదీలు, ఎన్ని గంటలు పోయాయో రాసి ఆ విభాగానికి టికెట్ వేయడం, బుధవారంలోగా వాళ్ల నుంచి ఒక తేదీ రాబట్టడం, రాకపోతే మేనేజర్ ముందు పెట్టడం. ఆ పనికి ఒక మొదలు, ఒక చివర ఉన్నాయి. బాధ్యత రాసేటప్పుడు 'ఈ మనిషి చేతిలో ఉన్నదెంత?' అని ఒక్క క్షణం ఆగితే సగం టికెట్లు వేలాడకుండా ఉంటాయి.

మూడో ప్రమాదం, అన్నిటికీ టికెట్ వేయడం. ఉత్సాహంతో ప్రతి రెట్రోకూ ఐదారు వేస్తే, నాలుగు నెలల్లో యాభై చేరతాయి. అప్పుడు పాత నోట్స్ పేజీ చేసిన పనే ట్రాకర్ చేస్తుంది, అందులోనూ ఎవరూ చూడరు. రెండు వారాల్లో ఒక టీమ్ తన పద్ధతిని నిజంగా మార్చుకోగలిగేది ఒక చోటో, రెండు చోట్లో. మిగతా చీటీలు అంత ముఖ్యమైనవే అయితే వచ్చే రెట్రోలో మళ్లీ పడతాయి. మళ్లీ పడకపోతే వాటికి టికెట్ వేయకపోవడమే మంచిదైంది.

నాలుగోది పైవాళ్లు చేసే తప్పు. ఏ టీమ్ రెట్రో పనుల్లో నూటికి ఎన్ని పూర్తి చేసిందో లెక్కగట్టి మార్కులు వేయడం. ఆ లెక్క మొదలైన నెలలోపే పనుల స్వభావం మారిపోతుంది. కష్టమైనవాటిని ఎవరూ రాయరు. 'గ్రూప్ పేరు మార్చాలి', 'క్యాలెండర్‌లో మీటింగ్ జరపాలి' లాంటివి వరుసగా పూర్తవుతూ నూటికి నూరు చూపిస్తాయి. అదే చీటీ మాత్రం ప్రతి రెట్రోలోనూ పడుతుంటుంది. పైనుంచి చూడాల్సింది పూర్తయిన సంఖ్య కాదు, ఒకే సమస్య ఎన్నిసార్లు తిరిగొచ్చిందన్నది.

పెద్ద ప్రమాదాల తర్వాత వచ్చే పనులకు మాత్రం పైవాళ్ల పట్టింపు అవసరమే. జిరా తయారుచేసే అట్లాసియన్ తమ ప్రమాద సమీక్షల్లో తేలిన ముఖ్యమైన పనులకు, ఆ సర్వీసును బట్టి నాలుగు వారాలో ఎనిమిది వారాలో గడువు పెట్టుకుంటుంది. గడువు గురించి గుర్తుచేసే ఏర్పాటు, సమీక్షను చూసి ఆమోదించే పెద్దలు ఉంటారు. రెండు వారాల రెట్రోకు అంత హంగు అక్కర్లేదు. దానికి కావలసిన పట్టింపు తర్వాతి రెట్రోలో మొదటి ఐదు నిమిషాలే.

ఆ ఐదు నిమిషాల్లో పాత టికెట్ ఇంకా మిగిలి ఉంటే ఏం చేయాలన్నదే అసలు పరీక్ష. మొదటిసారి మిగిలితే కారణం అడిగి కొత్త తేదీ ఇవ్వచ్చు, జ్వరాలొస్తాయి, సెలవులొస్తాయి. రెండోసారీ మిగిలితే మూడో తేదీ వేయకూడదు. అప్పుడు టీమ్ ముందు ఉన్నవి రెండే దారులు. ఈ స్ప్రింట్‌లో ఇంకో పని పక్కనపెట్టి దీన్ని మొదట చేయడం, లేదా 'ఇది మనం చేయం' అని అందరి ముందూ చెప్పి మూసేయడం. మూసేయడం ఓటమి కాదు. చేయని పనిని చేస్తున్నట్టు మోసుకుంటూ తిరగడమే టీమ్‌కు ఎక్కువ నష్టం. అప్పుడు రెట్రోలో చెప్పిన ఏ మాటకూ విలువ ఉండదని అందరూ మెల్లగా నేర్చుకుంటారు, ఒకసారి అది నేర్చుకున్న టీమ్‌తో మళ్లీ మనసు విప్పి మాట్లాడించడం ఏ టికెట్‌తోనూ అయ్యే పని కాదు.